కుండ నీళ్లు ఎందుకు చల్లబడతాయి? మూడో తరగతి పిల్లలకు ఈ వాక్యం ఎలా తిరగరాయాలి

పలకా బలపం

అందరికీ నమస్కారం. మా మండలంలో మూడు బడుల టీచర్లం కలిసి మూడు, నాలుగు తరగతుల పిల్లలు ఎవరికి వారే చదువుకునేలా కార్డులు రాస్తున్నాం. కార్డుకు ఒక్క విషయం, ఏడెనిమిది వాక్యాలు, కింద ఒక బొమ్మ. పై తరగతుల పాఠాల్లో ఉన్న విషయాన్ని చిన్నవాళ్లకు అందేలా దించి రాయడమే పని. కుండ నీళ్ల కార్డు దగ్గర ఆగిపోయాను. మా చేతిలో ఉన్న పాఠంలో ఇలా ఉంది:

"ద్రవాలు తమ మరుగు స్థానం కంటే తక్కువ ఉష్ణోగ్రత వద్ద ఉపరితలం నుండి బాష్పంగా మారే ప్రక్రియను బాష్పీభవనం అంటారు. బాష్పీభవనానికి కావలసిన ఉష్ణాన్ని ద్రవం పరిసరాల నుండి గ్రహించడం వలన శీతలీకరణం జరుగుతుంది. మట్టి కుండలోని నీరు చల్లబడుటకు కారణం ఇదే."

నేను ఇలా మార్చాను:

"ఎండ వేడికి నీళ్లు ఆవిరైపోతాయి. అందుకే కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి."

పిల్లలు గడగడా చదివేశారు. హమ్మయ్య అనుకునే లోపు వెనక బెంచీ పిల్లాడు లేచి, "అయితే టీచర్, కుండను ఎండలో పెడితే ఇంకా చల్లగా అవుతాయా?" అన్నాడు. నాకు వెంటనే జవాబు తట్టలేదు. తప్పు నా వాక్యంలో ఉందని తెలుస్తోంది. ఎక్కడుందో చెప్పండి.

సులువు తెలుగు

మేడమ్, ఇందులో పెద్ద చిక్కేం లేదు. చిన్న పిల్లలకు రాసేటప్పుడు రెండే సూత్రాలు. వాక్యంలో నాలుగైదు మాటలకు మించకూడదు. వత్తుల మీద వత్తులున్న మాటలు తీసేయాలి. "ఉష్ణోగ్రత", "బాష్పీభవనం" లాంటివి మూడో తరగతి పిల్లాడు కూడబలుక్కుని చదివేసరికి వాక్యం మొదట్లో ఏముందో మర్చిపోతాడు. నేనైతే ఇలా రాస్తాను:

"కుండకు చెమట పడుతుంది. చెమట ఆరుతుంది. నీళ్లు చల్లబడతాయి."

మూడు వాక్యాలు, ఏడు మాటలు. అయిపోయింది.

రెండు పేజీలు

అసలు మీరు తిరగరాయడం ఎందుకండీ? ఇప్పుడు చాలా బడి పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు కదా. ఇంగ్లీషు పేజీ ఎప్పుడూ కొంచెం తేలిగ్గానే ఉంటుంది. అది చూసి తెలుగు చేసుకుంటే సరిపోతుంది.

పలకా బలపం

@రెండు పేజీలు, నేను అడిగింది అనువాదం గురించి కాదండి. పై తరగతి పాఠాన్ని కింది తరగతికి దించడం గురించి. ఆ ఇంగ్లీషు పేజీ కూడా పై తరగతి పిల్లలకు రాసిందే. అందులో ఉన్న బరువు తెలుగు పేజీలోనూ ఉంది.

పాత ఫిజిక్స్ మాస్టారు

ముందు మీ వెనక బెంచీ పిల్లాడికి మార్కులు వెయ్యండి. వాడు తప్పు అడగలేదు. మీ వాక్యాన్ని చదివి, దాన్ని నమ్మి, దాని నుంచి వచ్చే ఫలితాన్ని సరిగ్గా లెక్క కట్టాడు. ఎండ వేడికి ఆవిరవుతాయి, ఆవిరైతే చల్లబడతాయి, కాబట్టి ఎండ ఎక్కువైతే చల్లదనం ఎక్కువ. వాడి తర్కంలో లోపం లేదు.

మూలంలో మూడు సంగతులున్నాయి. నీళ్లు మరగకుండానే ఆరిపోతాయి. ఆ పని పైభాగంలోనే జరుగుతుంది. అలా ఆరేటప్పుడు చుట్టూ ఉన్నవాటి నుంచి వేడి తీసుకుంటాయి. కుండ కార్డుకు ప్రాణం మూడోది. మీరు కుదించేటప్పుడు సరిగ్గా దాన్నే వదిలేశారు. పైగా మూలంలో లేని ఎండను తెచ్చి పెట్టారు. చాలామంది చేసే పనే ఇది. కష్టమైన మాట తీసేసిన చోట ఖాళీ కనబడుతుంది. అక్కడ మనకు తెలిసిన బొమ్మ ఏదో ఒకటి పెట్టేస్తాం. నీళ్లు ఆరడం అనగానే మనకు తోచేది దండెం మీద బట్టలు, పైన ఎండ.

సులువు తెలుగు గారు చెప్పిన దాంట్లో వత్తుల సంగతి నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఆయన మూడు వాక్యాల్లో "అందుకే" లేదు, "కాబట్టి" లేదు. చెమట ఆరడానికీ నీళ్లు చల్లబడటానికీ సంబంధం ఏమిటో పిల్లాడే ఊహించుకోవాలి. చదవడం సులువైంది, అర్థం చేసుకోవడం కష్టమైంది. ఇంకోటి, కుండకు "చెమట" అనకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు కూడా చెమట పట్టిందనే అంటాం కదా. ఆ తడి బయటి గాలిలోంచి వచ్చింది, కుండ మీది తడి లోపలి నీళ్ల నుంచి వచ్చింది. రెండింటికీ ఒకే మాట వాడితే, సీసా మీద నీళ్లు కూడా లోపలి నుంచి ఊరాయనే పిల్లలు అనుకుంటారు. ఆ అపోహ డిగ్రీ దాకా పోని వాళ్లను నేనే చూశాను.

సులువు తెలుగు

సీసా సంగతి నాకు తట్టలేదు మాస్టారూ. కానీ "కాబట్టి", "అందువలన" పెడుతూ పోతే మళ్లీ వాక్యం పొడుగవుతుంది కదా. పొట్టి వాక్యం తేలిక అనేది ఎక్కడైనా నిజమే.

మాటల మూట

పిల్లల పుస్తకాలకు చాలా ఏళ్లుగా ఎడిటింగ్ చేస్తున్నాను, కాబట్టి ఈ గొడవలోకి దిగుతున్నాను.

సులువు తెలుగు గారూ, మాటలు లెక్కపెట్టే కొలత తెలుగుకు సరిగ్గా కుదరదు. "ఆరిపోతున్నప్పుడు" ఒక్క మాట. "తడి ఆరే కొద్దీ" మూడు మాటలు. ఏది చదవడం తేలిక? పిల్లాడికి భారం మాటల లెక్కలో లేదు. వత్తుల్లో ఉంది, ఎవరు ఏం చేశారో తెలియని వాక్యంలో ఉంది. "శీతలీకరణం జరుగుతుంది" అంటే ఏది చల్లబడింది? ఏది చల్లబరిచింది? క్రియను పట్టుకెళ్లి నామవాచకంలో దాచేస్తే వాక్యంలో మిగిలేది "జరుగుతుంది" ఒక్కటే. దాన్ని విప్పి "నీళ్లు చల్లబడతాయి" అంటే చాలు, సగం పని అయిపోతుంది. "అందుకే" అనేది పిల్లలు రోజంతా వాడే మాట. దానివల్ల ఎవరికీ కష్టం రాలేదు.

నాకు భయం కలిగించేది అందరూ తేలిక అనుకుంటున్న మాట. "ఆవిరి".

ఇంట్లో పిల్లలకు ఆవిరి ఎక్కడ తెలుసు? ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు. జలుబు చేస్తే దుప్పటి కప్పి ఆవిరి పట్టినప్పుడు. అంటే ఆవిరి కళ్లకు కనబడాలి, వేడిగా ఉండాలి, కింద పొయ్యి ఉండాలి. "కుండ మీది నీళ్లు ఆవిరవుతాయి" అని చదివిన పిల్లాడు కుండ దగ్గరికి వెళ్లి చూస్తాడు. పొగ లేదు, వేడి లేదు. పుస్తకంలో ఏదో రాస్తారులే అనుకుని వదిలేస్తాడు. బాష్పీభవనం తెలియని మాట కాబట్టి కనీసం అర్థం అడుగుతాడు. ఆవిరి తెలిసిన మాట, అందుకని అడగడు.

మన దగ్గర నీళ్లు పోవడానికి ఇంకా మాటలున్నాయి. ఇంకడం అంటే నేలలోకి, ఇసుకలోకి దిగిపోవడం. ఇగరడం అంటే పొయ్యి మీద కూరలో నీళ్లు తగ్గడం, ఇగురు అన్న మాటే అందులోంచి వచ్చింది. ఆరడం అంటే తడి పోవడం. ఎక్కడికి పోయిందో ఆ మాట చెప్పదు. నిప్పూ అడగదు, ఎండా అడగదు. బట్టలు నీడలో ఆరతాయి, రాత్రి ఆరతాయి, తుడిచిన గచ్చు ఫ్యాన్ కింద ఆరుతుంది. ఈ కార్డుకు నా ఓటు "ఆరడం"కే.

పాత ఫిజిక్స్ మాస్టారు

బాగా చెప్పారు. ఒక్క ముక్క కలుపుతాను. ఇడ్లీ పాత్ర మీద తెల్లగా కనబడేది నిజానికి ఆవిరి కూడా కాదు, చల్లగాలి తగిలి మళ్లీ నీళ్లైన సన్నటి బిందువులు. అసలు ఆవిరి కంటికి కనబడదు. కెటిల్ మూతికీ తెల్లటి పొగకూ మధ్య కాస్త ఖాళీగా కనబడుతుంది చూడండి, అది ఆవిరి.

గోదారి గట్టు

క్షమించాలి, నా గోల కొంచెం వేరు. మాది కాకినాడ. కుండ నీళ్లు చల్లగా ఉంటాయని అందరూ అంటే మేలో ఒక కుండ కొన్నాను, ఎర్రటి రంగు వేసి, ముగ్గులు పెట్టింది, చూడ్డానికి పెళ్లికూతురిలా ఉంది. పదిహేను రోజులు చూశాను. నీళ్లు గది వేడికి రవ్వంత తక్కువ, అంతే. మా అత్తగారిది అనంతపురం వైపు, వాళ్ల ఇంట్లో కుండ నీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటాయి. అమ్మినవాడు మోసం చేశాడా, లేక మీ పాఠమే అబద్ధమా?

పాత ఫిజిక్స్ మాస్టారు

రెండూ కాదు. మీ కుండకు రెండు జబ్బులున్నాయి. ఒకటి రంగు. అది ఆయిల్ పెయింట్ అయితే కుండ గోడలోని సన్న దారులన్నీ మూసుకుపోతాయి. తడి బయటికి రాదు, వచ్చింది లేకపోతే ఆరేదీ లేదు. చెయ్యి పెట్టి చూడండి. పనిచేసే కుండ పైభాగం చెమ్మగా తగులుతుంది, మీది పొడిగా ఉండి ఉంటుంది.

రెండోది మీ ఊరి గాలి. ఉక్కపోత రోజున ఒంటి మీద చెమట ఆరదు కదా, కుండ మీది తడి కూడా అంతే. గాలిలో ఇప్పటికే తేమ బాగా ఉంటే తడి నెమ్మదిగా ఆరుతుంది, తక్కువ వేడి తీసుకుంటుంది. రెండు థర్మామీటర్లు తెచ్చి ఒకదాని బల్బుకు తడి గుడ్డ చుట్టి, రెండింటినీ ఫ్యాన్ కింద పెట్టండి. పొడిది గది వేడి చూపిస్తుంది, తడిది తక్కువ చూపిస్తుంది. రాయలసీమ వేసవిలో ఆ తేడా 10 డిగ్రీలు దాటడం మామూలే. తీరం మీద ఉక్కపోత రోజున 4, 5 డిగ్రీలు ఉంటే గొప్ప. ఎంత మంచి కుండైనా ఆ తడి థర్మామీటరు చూపించే అంకె కంటే కిందికి పోదు.

పలకా బలపం గారూ, వీరి కుండ మీ కార్డుకు మంచి పరీక్ష. కార్డు చదివిన పిల్లల్ని "కుండకు పెయింట్ వేస్తే ఏమవుతుంది?" అని అడగండి. కార్డులో లేని ప్రశ్నకు సరైన జవాబు వస్తే వాక్యం పనిచేసినట్టు. "కుండ నీళ్లు ఎందుకు చల్లబడతాయి?" అని మాత్రం అడగొద్దు, కార్డులో ఉన్నదే అప్పజెప్పేస్తారు.

గోదారి గట్టు

చెయ్యి పెట్టి చూశానండీ. పొడిగానే ఉంది! పెళ్లికూతుర్ని ఇక పూలకుండీ చేసేస్తాను.

పలకా బలపం

అందరికీ థాంక్స్. ఈ రెండు రోజుల్లో రెండో చిత్తు రాసి మా పిల్లల మీద ప్రయత్నించాను. ఇదీ చిత్తు:

"మట్టి కుండకు కంటికి కనబడని చిల్లులు ఉంటాయి. లోపలి నీళ్లు వాటిలోంచి కొద్దికొద్దిగా బయటికి వస్తాయి. కుండ పైన తడి అవుతుంది. తడి ఆరడానికి వేడి కావాలి. ఆ వేడిని తడి కుండ నుంచి తీసుకుంటుంది. అందుకే కుండలో నీళ్లు చల్లబడతాయి."

మొత్తం 14 మంది. చదవడంలో ఇద్దరే తడబడ్డారు, అదీ "కొద్దికొద్దిగా" దగ్గర. పెయింట్ ప్రశ్నకు 9 మంది "చల్లగా కావు, చిల్లులు మూసుకుపోతాయి" అన్నారు. చెప్పకుండానే అన్నారు, నాకు ఒళ్లు పులకరించింది. కానీ ఇంకో రెండు ప్రశ్నల దగ్గర బోల్తా పడ్డాం.

"కుండను ఎక్కడ పెడితే మంచిది?" అంటే ఆరుగురు మళ్లీ ఎండలోనే అన్నారు. ఎందుకని అడిగితే ఒక అమ్మాయి కార్డు మీద వేలు పెట్టి "ఇదిగో టీచర్, తడి ఆరడానికి వేడి కావాలి అని ఉంది" అని చూపించింది.

ఇంకో పిల్లాడు, "చిల్లు కుండలో నీళ్లు కారిపోవా?" అన్నాడు. క్లాసంతా నవ్వు. వాళ్ల ఇంట్లో చిల్లు పడ్డ బకెట్ ఉందట.

నీళ్లు ఎక్కడికి పోయాయి అంటే సగం మంది "నేలలోకి ఇంకిపోయాయి" అన్నారు. అందుకని సాయంత్రం బడి మూసేటప్పుడు స్టీలు కంచంలో రెండు చెంచాల నీళ్లు పోసి గదిలో పెట్టి తాళం వేశాను. పొద్దున కంచం ఖాళీ. కంచంలోకి ఇంకడం కుదరదు, రాత్రి ఎండ లేదు. "ఎవరు తాగారు?" అని ఒకడు. "బల్లి" అని ఇంకొకడు. బల్లికి నా దగ్గర జవాబు లేదు.

మాటల మూట

బల్లికి జవాబు ఉంది మేడమ్, రెండో కంచం మీద దోమతెర గుడ్డ కప్పండి. 😊

అమ్మాయి చూపించిన వాక్యం మీద నాకు మొదటి నుంచే అనుమానం. "ఆరడానికి వేడి కావాలి" అంటే తెలుగులో అది షరతులా వినిపిస్తుంది. అన్నం వండడానికి నిప్పు కావాలి అన్నట్టు, ముందు ఎవరో వేడి తెచ్చి ఇవ్వాలి. మీరు చెప్పదలచింది షరతు కాదు, ఆరుతూ ఉండగా జరిగే పని. "తడి ఆరేటప్పుడు కుండలోని వేడిని తీసుకుంటుంది" అనండి. రెండు వాక్యాలు ఒకటయ్యాయి, వాక్యం కాస్త పొడుగైంది, కానీ అపోహ పోయింది. పొట్టి వాక్యం ఎప్పుడూ తేలిక కాదని నేనన్నది ఇందుకే.

సులువు తెలుగు

సరే, ఈసారికి ఒప్పుకున్నాను. కానీ "తడి వేడిని తీసుకుంటుంది" అంటే తడికి చేతులున్నాయా? సైన్సులో ఇలా ప్రాణం పోసి రాయొచ్చా?

పాత ఫిజిక్స్ మాస్టారు

స్పాంజి నీళ్లు పీల్చుకుంటుంది అంటాం, దానికి నోరుందని ఎవరూ అనుకోరు. "తీసుకుంటుంది" ఫర్వాలేదు. "చల్లగా ఉండాలని కుండ తడిని బయటికి పంపుతుంది" అంటే మాత్రం కొట్టేస్తాను, అది కుండకు కోరిక అంటగట్టడం.

నేను పెట్టుకున్న గీత ఒకటి చెబుతాను. చిన్న తరగతికి రాసేటప్పుడు కొంత వదిలేయక తప్పదు. వదిలేసింది పై తరగతిలో కలుపుకోగలిగేదా, లేక మనం రాసింది పై తరగతి వాళ్లు చెరిపేయాల్సి వస్తుందా? ఉదాహరణకు తడి వేడిని కుండ నుంచే కాదు, చుట్టూ గాలి నుంచి కూడా తీసుకుంటుంది. కార్డులో గాలి మాట లేదు. ఫర్వాలేదు, ఆరో తరగతిలో "గాలి నుంచి కూడా" అని ఒక్క ముక్క కలిపితే సరిపోతుంది. మీ మొదటి చిత్తులో "ఎండ వేడికి" అన్నది మాత్రం చెరపాల్సిందే. ఒకసారి తలకెక్కింది చెరపడం ఎంత కష్టమో టీచర్లకు నేను చెప్పక్కర్లేదు.

మీ వాళ్లకు కుతూహలం ఉంటే ఒక లెక్క కూడా చెప్పండి. 10 లీటర్ల కుండ నీళ్లు 6 డిగ్రీలు చల్లబడాలంటే సుమారు 100 గ్రాముల నీళ్లు ఆరితే చాలు, అంటే అర గ్లాసు. అదీ బయటి వేడి లోపలికి రాకుండా ఉంటే. వస్తూనే ఉంటుంది కాబట్టి కుండ ఇంకా ఎక్కువే ఆరబెట్టుకోవాలి. రాత్రి నిండుగా పోసిన కుండ పొద్దుటికి కాస్త తగ్గి ఉండటం అందుకే.

చార్మినార్ చాయ్

మా దిక్కు కుండ అనరు, రంజన్ అంటం. చిల్లులు కూడా అనం, బొక్కలు అంటం. ఏ మాట రాస్తే పిల్లలకు అర్థమైతది అనేది ఏ ఊరి పిల్లలు అనే దాన్ని బట్టి ఉంటది. ఒక్క కార్డు రెండు రాష్ట్రాలకు నడవదు.

పలకా బలపం

ఈ కార్డు మా మండలానికేనండి, ఇక్కడ కుండ అంటే అందరికీ తెలుసు. చిల్లుల బదులు ఏం రాయాలన్నదే మా గొడవ. "రంధ్రాలు" అంటే ధ్ర దగ్గర ఆగిపోతున్నారు. "చిల్లులు" అంటే బకెట్ గుర్తొస్తోంది.

చార్మినార్ చాయ్

బొక్కలు అన్నా బకెటే యాదికొస్తది, నిజమే.

మాటల మూట

"సన్నటి బెజ్జాలు" పెట్టి చూడండి. సూది బెజ్జం పిల్లలు చూసే ఉంటారు, దాంట్లోంచి ఏదీ కారదు. జ్జ ద్విత్వం కాబట్టి రెండో తరగతిలోనే వచ్చేస్తుంది. "బయటికి వస్తాయి" బదులు "ఊరతాయి" వేయండి. చెలమలో నీళ్లు ఊరినట్టు, నెమ్మదిగా. కారడం, ఊరడం వేరని పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు.

వారాంతం బడి

నమస్తే అండి, డాలస్ నుంచి. నేను మా ఊళ్లో శని, ఆదివారాలు పిల్లలకు తెలుగు చెబుతాను. మీ రెండో చిత్తు మా క్లాసులో వాడాను (అడగకుండా తీసుకున్నాను, ఏమనుకోకండి). మా అమ్మాయికి 12 ఏళ్లు. తెలుగు చదవడం మీ రెండో తరగతి పిల్లల స్థాయి. బడిలో మాత్రం అణువులు, శక్తి అన్నీ ఇంగ్లీషులో చదివేసింది. కార్డు చదివి "వేడిని తీసుకోవడం అంటే ఏంటమ్మా, ఏది తీసుకెళ్తుంది?" అని అడిగింది. తనకు ఈ కార్డు మరీ చిన్నపిల్లల కబురులా ఉంది. ఇలాంటి వాళ్లకు ఎలా రాయాలి?

ఇంకో ఇబ్బంది, మా పిల్లలు కుండే చూడలేదు. ఫ్రిజ్ తలుపు నొక్కితే ఐసు పడుతుంది.

పాత ఫిజిక్స్ మాస్టారు

మీ అమ్మాయిది చదువు స్థాయి వేరు, ఆలోచన స్థాయి వేరు. తనకు మాటలు తేలిగ్గా ఉంచి, విషయం ఒక మెట్టు ఎక్కించాలి. కుండ లేకపోతే చేతి మీద స్పిరిట్ దూది రాయండి. చల్లగా తగులుతుంది, కానీ సీసాలో స్పిరిట్ గది వేడిలోనే ఉంది. ఆరుతున్నప్పుడే చల్లదనం.

ఇలా రాయొచ్చు: "నీటిలోని కణాలు ఎప్పుడూ కదులుతూ ఉంటాయి. కొన్ని నెమ్మదిగా, కొన్ని జోరుగా. బాగా జోరుగా కదిలేవి పైనుంచి గాలిలోకి తప్పించుకుపోతాయి. నెమ్మదివి మిగులుతాయి. అందుకే మిగిలిన నీళ్లు చల్లబడతాయి."

మాటల మూట

ఇది ఆ అమ్మాయికి బాగుంటుంది. కానీ మూడో తరగతి కార్డులోకి మాత్రం రానివ్వకండి మాస్టారూ. కణం అంటే వాళ్లకు ఇసుక రేణువు, లేదా నీటి చుక్క. "వేడి కణాలు పారిపోయాయి, చల్ల కణాలు మిగిలాయి" అని తిరగేసి చెబుతారు, నేను విన్నాను. ఒక్కో కణానికి వేడి, చల్లదనం ఉండవు కదా.

పాత ఫిజిక్స్ మాస్టారు

ఉండవు, నిజమే. అందుకే "జోరుగా" అన్నాను, "వేడిగా" అనలేదు. నన్నడిగితే మూడో తరగతిలోనే కణాల మాట చెవిన పడితే మంచిది. పెద్ద తరగతికి వచ్చాక ఒకేసారి పిడుగు పడ్డట్టు ఉండదు.

మాటల మూట

ఇక్కడ మీతో ఏకీభవించలేను. చూడలేని దాన్ని నమ్మమంటే ఆ వయసులో నమ్మేస్తారు, అదే నా భయం. తడి ఆరడం చూస్తారు, చల్లదనం చేతికి తగులుతుంది. ముందు అది చాలు.

సులువు తెలుగు

అయితే "బాష్పీభవనం" మాట పూర్తిగా ఎత్తేస్తారా? పై తరగతిలో పరీక్షకు అదే కదా కావాలి.

పలకా బలపం

మా బడుల్లో దాని మీదే రెండు పార్టీలయ్యాయి. కార్డు చివర "ఇలా తడి ఆరిపోవడాన్ని పెద్ద తరగతిలో బాష్పీభవనం అంటారు" అని ఒక వాక్యం వేద్దామని ఇద్దరు. ముందు విషయం, తర్వాత పేరు కాబట్టి నాకూ ఇబ్బంది లేదు. ఇంకో టీచర్ మాత్రం, ఆ మాట కనబడితే పిల్లలు మిగతాదంతా వదిలేసి దాన్నే బట్టీ పడతారు అంటోంది. ఇంకా తేలలేదు. ఈ నెలకు లేకుండానే వేస్తున్నాం.

మూడో చిత్తు ఇదీ:

"మట్టి కుండ గోడలో సన్నటి బెజ్జాలు ఉంటాయి. అవి కంటికి కనబడవు. లోపలి నీళ్లు వాటిలోంచి నెమ్మదిగా ఊరతాయి. కుండ పైభాగం తడిగా ఉంటుంది. ఆ తడి నీడలో కూడా ఆరిపోతుంది. గాలిలో కలిసిపోతుంది. తడి ఆరేటప్పుడు కుండలోని వేడిని తీసుకుంటుంది. అందుకే కుండలో నీళ్లు చల్లబడతాయి."

ఎనిమిది వాక్యాలు. "గాలిలో కలిసిపోతుంది" వేసింది నేల సమాధానం వచ్చినందుకు. "నీడలో కూడా" వేసింది వెనక బెంచీ వాడి కోసం.

నిన్న ఇదే కార్డు పక్క బడిలో, దీన్ని ముందు చూడని 11 మంది పిల్లలకు ఇచ్చాం. పెయింట్ ప్రశ్నకు 8 మంది సరిగ్గా చెప్పారు. కుండను ఎక్కడ పెట్టాలంటే ఇద్దరే ఎండ అన్నారు, ఒకడు "కిటికీ దగ్గర, గాలి తగిలేచోట" అన్నాడు. గాలి తగలాలని కార్డులో ఎక్కడా లేదు!

కానీ "నీళ్లు ఎక్కడికి పోయాయి?" అంటే ముగ్గురు "గాలి అయిపోయాయి" అన్నారు. కలిసిపోవడం, అయిపోవడం వాళ్లకు ఒకటే అనిపించింది.

పాత ఫిజిక్స్ మాస్టారు

ఈ ముగ్గురి మాట తేలిగ్గా తీసుకోకండి. నీళ్లు గాలిగా మారిపోయాయి అనుకుంటే రేపు మంచు, వాన ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పలేరు. "నీళ్లుగానే ఉండి, కనబడకుండా గాలిలో తిరుగుతుంది" అనొచ్చేమో. నాకే పూర్తిగా నచ్చలేదు, "నీళ్లుగానే" అంటే చుక్కలుగా ఉంటుందనుకుంటారు.

మాటల మూట

చక్కెర టీలో కలిసినట్టు? కనబడదు, కానీ పోలేదు, తాగితే తెలుస్తుంది.

పాత ఫిజిక్స్ మాస్టారు

పోలిక ఫర్వాలేదు, దాని హద్దు దానికి ఉంది. ఆరడం, కరగడం ఒకటే అని ఎవడో ఒకడు అంటాడు చూడండి.

వారాంతం బడి

మా క్లాసులో ఫ్రిజ్ సీసా బయట పెట్టి, గాలిలో కలిసిన నీళ్లే మళ్లీ సీసా మీద కనబడ్డాయని చూపించాను. "గాలి అయిపోయింది" అన్నవాళ్లు కాస్త ఆలోచనలో పడ్డారు. మాటతో కాకుండా రెండో కార్డుతో చెప్పొచ్చేమో.

గోదారి గట్టు

సీసాల ప్రయోగానికి మా ఊరు రండి మేడమ్, బల్ల మీద మడుగు కడుతుంది. కుండకు పనికిరాని గాలి దానికి బ్రహ్మాండం.

పలకా బలపం

రెండో కార్డు ఆలోచన బాగుంది, సీసా కార్డు వచ్చే నెల రాస్తాను. కుండ కార్డులో ఆ ఒక్క వాక్యాన్ని ప్రస్తుతానికి "కంటికి కనబడకుండా గాలిలో కలిసిపోతుంది" అని మార్చి 40 కాపీలు జిరాక్స్‌కు ఇచ్చాను. సోమవారం ఇంకో బడిలో చదివిస్తాం. దోమతెర కప్పిన కంచం కూడా పొద్దుటికి ఖాళీ అయింది, బల్లి మీద కేసు కొట్టేశారు.